ఏ డేటాకు ఏ స్టోరేజీ?

సర్వర్లలోనైనా క్లౌడ్‌లోనైనా డేటాను దాచే పద్ధతులు ముఖ్యంగా మూడు: బ్లాక్, ఫైల్, ఆబ్జెక్ట్. మూడింటిలోనూ డేటా చివరికి చేరేది డిస్కుల్లోకే. తేడా దాన్ని అడిగే తీరులో, మార్చే తీరులో ఉంది. అందుకే ఎంపికలో డేటా ఎంత ఉందన్నదాని కంటే, ఒకసారి రాసిన దాన్ని తర్వాత ఎవరు మారుస్తారు, ఎంత తరచుగా మారుస్తారు అన్నదే ముందు చూడాల్సిన విషయం.

ఒక చిన్న టీవీ ఛానెల్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. దాని దగ్గర చందాదారుల వివరాలున్న 40 జీబీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్, విలేకరులూ ఎడిటర్లూ దిద్దుకునే 300 జీబీ స్క్రిప్టులు, ఇరవై టీబీల పాత వీడియోలు ఉన్నాయనుకుందాం.

పోస్ట్‌గ్రెస్ పెద్ద పట్టికలను మామూలుగా 1 జీబీ ఫైళ్లుగా విడదీసి, ఒక్కో ఫైల్‌ను 8 కేబీ పేజీలుగా చూస్తుంది. ఒక చందాదారుడి ఫోన్ నంబరు మారితే మారేది ఏ ఒకటి రెండు పేజీలో. బ్లాక్ స్టోరేజీ సర్వర్‌కు ఖాళీ డిస్కులా కనిపిస్తుంది కనుక ఆ పేజీ ఉన్న చోటే తిరగరాయడం కుదురుతుంది. ఆబ్జెక్ట్ స్టోరేజీలో సాధారణంగా అలా నడుమ దిద్దే వీలు లేదు, ఆబ్జెక్ట్ మొత్తాన్ని మళ్లీ రాయాలి. ఆ 1 జీబీ ఫైల్‌ను ఒకే ఆబ్జెక్టుగా పెడితే 8 కేబీ మార్పు కోసం లక్షా ముప్పై వేల రెట్లకు పైగా డేటా పంపాల్సి వస్తుంది. పైగా మామూలు అమరికలో, మార్పు తాలూకు లాగ్ డిస్కు మీద భద్రంగా పడిందన్న జవాబు వచ్చేదాకా డేటాబేస్ ఆ లావాదేవీ పూర్తయిందని చెప్పదు. అందువల్ల ఒక్కో రాతకు పట్టే ఆలస్యం వాడేవారికి నేరుగా తెలిసిపోతుంది. లినక్స్‌లో `iostat -x` ఆదేశం చూపే `w_await` అంకె, మిల్లీసెకన్లలో, ఆ ఆలస్యమే. రద్దీ వేళ అది పెరుగుతూ పోతుంటే తప్పు క్వెరీలదే అనుకోకుండా డిస్కునూ అనుమానించాలి.

బ్లాక్ స్టోరేజీకి ఉన్న పెద్ద హద్దు పంపకం. ext4 వంటి ఫైల్ సిస్టమ్ ఉన్న ఒకే డిస్కును రెండు సర్వర్లు రాయడానికి తెరిస్తే, ఏ ఖాళీలో ఎవరు రాశారో ఒకదానికొకటి తెలియదు. మొదట ఫైళ్లు కొన్ని ఒక సర్వర్‌లో కనబడవు, తర్వాత ఫైల్ సిస్టమే పాడవుతుంది. దీనికి క్లస్టర్ ఫైల్ సిస్టమ్‌లు ఉన్నా, స్క్రిప్టులు పంచుకోవడానికి అంత హంగామా అనవసరం.

ఆ పని ఫైల్ స్టోరేజీది. యూనిక్స్, లినక్స్ యంత్రాలు దీన్ని ఎక్కువగా ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారా, విండోస్ యంత్రాలు ఎస్‌ఎంబీ ద్వారా వాడతాయి. ఇక్కడ డిస్కు ఫైల్ సర్వర్ చేతిలో ఉంటుంది. మిగతావారంతా దాన్ని ఫైళ్లు అడుగుతారు. ఎవరికి చదివే హక్కు, ఎవరికి రాసే హక్కు, ప్రస్తుతం ఏ ఫైల్‌కు తాళం పడింది అన్నవి సర్వరే చూసుకుంటుంది. ఒక ఎడిటర్ తెరిచిన స్క్రిప్టును ఇంకొకరు తెరిస్తే హెచ్చరిక వచ్చేది చాలావరకు ఈ తాళం వల్లే. అయితే ఆ తాళాలు అన్ని చోట్లా ఒకేలా పనిచేయవు. నెట్‌వర్క్ ఫోల్డర్‌లో డేటాబేస్ పెట్టవద్దని ఎస్‌క్యూలైట్ హెచ్చరించడానికి ఇదొక కారణం. లక్షల చిన్న ఫైళ్లున్న ఫోల్డర్ తెరవడానికి చాలాసేపు పట్టడం మరో ఇబ్బంది.

పాత వీడియోలను ఎవరూ నడుమ దిద్దరు. ఒకసారి ఎక్కించి, అవసరమైనప్పుడు చూస్తారు. ఆబ్జెక్ట్ స్టోరేజీకి సరిగ్గా సరిపోయే స్వభావమిది. 2006లో వచ్చిన అమెజాన్ ఎస్3 దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. ఒక్కో వీడియో ఒక ఆబ్జెక్ట్. దానికొక పేరు, వెంట తేదీ, కార్యక్రమం వంటి వివరాలు ఉంటాయి. హెచ్‌టీటీపీ ద్వారా కావలసిన భాగాన్నే తెప్పించుకోవచ్చు కనుక గంట వీడియోలో నలభయ్యో నిమిషం చూడటానికి మొత్తం దించుకోనక్కర్లేదు.

చాలామంది పొరబడేది ఫోల్డర్ల దగ్గర. మామూలు ఎస్3 బకెట్‌లో `2019/yennikalu/01.mp4` అన్నది ఒకే పొడవైన పేరు, అందులో ఫోల్డర్లేమీ లేవు. ఆ `yennikalu` పేరు మార్చాలంటే కింద ఉన్న ప్రతి ఆబ్జెక్టునూ కొత్త పేరుతో నకలు చేసి పాతది తీసేయాలి. బకెట్‌ను మామూలు డ్రైవ్‌లా చూపించే సాఫ్ట్‌వేర్ వాడేవారికి, క్షణంలో అవ్వాల్సిన పేరు మార్పు గంటలు పట్టడంతో సంగతి బయటపడుతుంది.

ధరలోనూ మెలిక ఉంది. ఎస్3లో అతి చవకైన గ్లేసియర్ డీప్ ఆర్కైవ్ నుంచి వీడియో తిరిగి రావడానికి మామూలు పద్ధతిలో 12 గంటల వరకు, ఇంకా చవక పద్ధతిలో 48 గంటల వరకు పట్టవచ్చు. 180 రోజుల్లోపు తొలగించినా మిగతా రోజుల అద్దె కట్టాలి. కాబట్టి రాత్రి బులెటిన్‌కు అడిగే అవకాశమున్న ఎన్నికల దృశ్యాలను అక్కడ పెట్టకూడదు. డేటాబేస్ బ్యాకప్‌ను ఆబ్జెక్ట్ స్టోరేజీలోనే దాచడం మంచి పద్ధతి, ఎందుకంటే బ్యాకప్‌ను కూడా రాశాక ఎవరూ దిద్దరు. ఆపదలో వెంటనే కావాల్సిన తాజా బ్యాకప్‌ను మాత్రం డీప్ ఆర్కైవ్‌కు పంపకూడదు.