గ్లాసులోకి నీళ్లు పోసే ముందు ధారను కొలవండి

గాజు గ్లాసులోకి నీళ్లు పోయడం ఇంట్లో ఐదు సెకన్ల పని. అదే దృశ్యాన్ని కంప్యూటర్‌లో పుట్టించాలంటే మెషీన్ రాత్రంతా నడవాల్సి రావచ్చు. అంతా అయ్యాక పొద్దున చూస్తే నీళ్లు గ్లాసు అడుగు నుంచి కారిపోయి ఉండొచ్చు. యానిమేషన్ నేర్చుకునేవాళ్లు ఇలాంటప్పుడు ఎక్కువగా చేసేది రిజల్యూషన్ అంకెను రెట్టింపు చేసి మరో రాత్రి నడపడం. పెట్టె ఎంత పెద్దది, గ్లాసు గోడ ఎంత మందం, ధార ఎంత సన్నం అన్న మూడూ తెలియకుండా ఆ అంకెను పెంచినా లాభం ఉండదు. కొలత ధారతో మొదలవ్వాలి.

ఉచితంగా దొరికే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌నే తీసుకుందాం. 2020లో వచ్చిన 2.82 వెర్షన్ నుంచి అందులో నీళ్ల లెక్క చేసేది మాంటాఫ్లో అనే సాల్వర్. మనం ఒక పెట్టె గీసి దాన్ని డొమైన్‌గా ప్రకటిస్తే, సాల్వర్ దాని లోపలంతా చిన్న చిన్న ఘనాకారపు గడులుగా విభజిస్తుంది. నీటిని మోసుకెళ్లేవి లక్షలాది కణాలు. ప్రతి అడుగులోనూ కణాల వేగాలను గడుల మీదికి దింపి, నీరు ఎక్కడా నలగకుండా ఒత్తిడి లెక్క చూసి, సరిచేసిన వేగాలను మళ్లీ కణాలకే అందిస్తుంది. అంటే సాల్వర్‌కు గోడ కనిపించాలన్నా, ధార కనిపించాలన్నా గడుల ద్వారానే. గడి కన్నా సన్నగా ఉన్నదేదీ దాని కంటికి సరిగా ఆనదు.

ఇప్పుడు మన గ్లాసు. ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 7, గోడ మందం 2 మిల్లీమీటర్లు. పైనుంచి 8 మిల్లీమీటర్ల మందాన ధార సెకనుకు ఒక మీటరు వేగంతో బయల్దేరుతోంది. కుళాయి కింద చూస్తే తెలుస్తుంది, ధార కిందికి వచ్చేకొద్దీ సన్నబడుతుంది. 15 సెంటీమీటర్లు పడేసరికి గురుత్వాకర్షణ దాని వేగాన్ని దాదాపు రెట్టింపు చేస్తుంది. సెకనుకు అదే పరిమాణంలో నీరు వెళ్లాలి కాబట్టి ధార మందం ఇంచుమించు 5.7 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మన దృశ్యంలో అన్నిటికన్నా సన్నటి నీరు ఇదే.

`Resolution Divisions` అనే అంకె డొమైన్‌లో అన్నిటికన్నా పొడవైన వైపును ఎన్ని గడులుగా కోయాలో చెబుతుంది. కొత్తగా తెరిచినప్పుడు అది 32. మన పెట్టె ఎత్తు 20 సెంటీమీటర్లు అనుకుంటే ఒక్కో గడి 6.25 మిల్లీమీటర్లు, అంటే ధార కన్నా గడే పెద్దది. 64 పెడితే గడి సుమారు 3.1 మిల్లీమీటర్లు, ధార అడ్డంగా రెండు గడులు కూడా లేదు. అలాంటి ధార పైన బాగానే మొదలై కిందికి వచ్చేసరికి ముత్యాల్లా తెగిపోతుంది. అది కనిపించిందంటే గడి చాలలేదని అర్థం. 128 దగ్గర గడి 1.56 మిల్లీమీటర్లకు వస్తుంది, ధార అడ్డంగా మూడున్నర గడులు పడతాయి. కెమెరా కాస్త దూరంలో ఉంటే ఇది సరిపోతుందని నా లెక్క. ధారనే తెరనిండా చూపించాలనుకుంటే 256 కావాలి. అయితే అంకె రెట్టింపైతే గడులు ఎనిమిది రెట్లవుతాయి. చిన్న గడులకు కాలాన్ని కూడా చిన్న అడుగులుగా కోయాలి కాబట్టి మొత్తం పని పదహారు రెట్ల దాకా పోతుంది.

అందుకే పెట్టె కొలత విషయంలో పిసినారితనం మంచిది. గ్లాసు చుట్టూ రెండున్నర సెంటీమీటర్ల చొప్పున వదిలి, పైన ధార పడేంత ఖాళీ ఉంచితే 12, 12, 20 సెంటీమీటర్ల పెట్టె చాలు. 128 దగ్గర అందులో దాదాపు 7.6 లక్షల గడులుంటాయి. ఎందుకైనా మంచిదని 60 సెంటీమీటర్ల ఘనం గీశామనుకోండి. గడి అంతే చిన్నదిగా ఉండాలంటే అంకెను 384కు పెంచాలి, గడులు 5.6 కోట్లు దాటతాయి. అంటే 75 రెట్లు. అందులో చాలా భాగం ఉత్త గాలి. పెట్టె మరీ ఇరుకైనా ఇబ్బందే, చిందిన చుక్కలు కనిపించని గోడకు తగిలి వెనక్కి వస్తాయి. డొమైన్‌లో `Border Collisions` కింద ఆ వైపు టిక్ తీసేస్తే చుక్కలు తగలకుండా బయటికి పోతాయి. ఇన్‌ఫ్లో వస్తువు మాత్రం పూర్తిగా పెట్టె లోపలే ఉండాలి. పెట్టెను సాగదీసి సైజు మార్చి ఉంటే, బేక్ చేసే ముందు `Ctrl+A` నొక్కి `Scale`ను స్థిరపరచాలి.

ఇక గోడ సంగతి. 1.56 మిల్లీమీటర్ల గడికి 2 మిల్లీమీటర్ల గాజు ఒక గడి చిల్లర. అలాంటి గోడ సాల్వర్‌కు అక్కడక్కడా చిల్లులున్న కంచెలా కనిపిస్తుంది, నీళ్లు అడుగు నుంచి కారతాయి. రిజల్యూషన్ పెంచి దీన్ని గెలవాలనుకోవడం ఖరీదైన దారి. గ్లాసుకు ఒక నకలు చేయండి. గోడను బయటివైపుకు 6 మిల్లీమీటర్ల దాకా మందం చేయండి, అడుగును కూడా అలాగే. సాల్వర్‌కు ఎఫెక్టర్‌గా ఆ నకలును ఇచ్చి, రెండర్‌లో దాన్ని దాచేయండి. ప్రేక్షకుడు చూసేది అసలు గ్లాసును, నీళ్లు తగిలేది నకలు గ్లాసుకు. నకలు లోపలి అంచును గాజులోకి అర మిల్లీమీటరు జరిపితే ఇంకా మంచిది. నీటి ఉపరితలానికీ గాజుకూ మధ్య వెంట్రుకవాసి గాలి పొర మిగిలితే రెండర్‌లో అది వెండిలా మెరిసి నీటి అందాన్ని పాడుచేస్తుంది.

ఇంతవరకూ సరిగ్గా చేసినవాళ్లు కూడా ఇరుక్కునే చోటు కాలం. నేల దగ్గర నీటి వేగం సెకనుకు దాదాపు 2 మీటర్లు. సెకనుకు 24 ఫ్రేములైతే ఒక్కో ఫ్రేములో నీరు 83 మిల్లీమీటర్లు దూకుతుంది. అంటే 53 గడులు! ఒక్క గెంతులో అన్ని గడులు దాటే కణం మధ్యలో గ్లాసు అడుగు ఉందన్న సంగతే గమనించకపోవచ్చు. అందుకే సాల్వర్ ఫ్రేమును చిన్న అడుగులుగా కోస్తుంది. ఒక అడుగులో ఎన్ని గడులు దాటనివ్వాలో `CFL Number` చెబుతుంది. దాన్ని 4 అనుకుంటే మనకు ఫ్రేముకు 13 అడుగులు కావాలి. కానీ `Timesteps Maximum` మామూలుగా 4 దగ్గర ఉంటుంది. సాల్వర్ పాపం నాలుగు అడుగులతోనే సర్దుకుంటుంది, ఒక్కో అడుగు 13 గడులవుతుంది. గోడ మందంగా ఉన్నా అడుగు నుంచి నీరు కారుతోందంటే, లేదా ధార ఒకే ఎడంతో ముద్దలు ముద్దలుగా దిగుతోందంటే నేను ముందు అనుమానించేది దీన్నే. 14 పెట్టండి. ఇన్‌ఫ్లోను కూడా చిన్న గోళంగా కాకుండా రెండు సెంటీమీటర్ల పొడవున్న స్తంభంగా చేసి, `Initial Velocity`లో Z విలువను -1 ఇవ్వండి. ఒక అడుగుకూ మరో అడుగుకూ మధ్య ధార తెగదు.

గ్లాసు 7 సెంటీమీటర్ల ఎత్తు నిండాలంటే 240 మిల్లీలీటర్లు కావాలి. మన ధార సెకనుకు 50 మిల్లీలీటర్లు పోస్తుంది కనుక 4.8 సెకన్లు, అంటే 115 ఫ్రేములు. ఆ ఫ్రేము దగ్గర ఇన్‌ఫ్లోలో `Use Flow` టిక్ తీసి కీఫ్రేమ్ వేయాలి. కణాల లెక్కలో పరిమాణం కచ్చితంగా నిలవదు కాబట్టి మట్టం ఎక్కడ ఆగిందో చూసి ఆ కీఫ్రేమును కాస్త అటూ ఇటూ జరుపుకోవాలి.

గ్లాసు నిజం కొలతలో ఉంటేనే ఈ లెక్కలన్నీ. కొత్తవాళ్లు బ్లెండర్ మొదట చూపించే ఘనం పక్కన గ్లాసును గీస్తారు. ఆ ఘనం 2 మీటర్లు కాబట్టి గ్లాసు కూడా 2 మీటర్లవుతుంది. అందులో పోసిన నీళ్లు జలపాతంలా బరువుగా, నెమ్మదిగా పడతాయి. వస్తువు 20 రెట్లు పెద్దదైతే పడే కాలం 20 వర్గమూలమంత, అంటే దాదాపు నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. సైజు మార్చడం కుదరకపోతే `Time Scale`ను 4.5 చేస్తే నడక సరిపోతుంది. నిజం కొలతలో నీళ్లు రెండు మూడు ఫ్రేముల్లోనే అడుగు తాకుతాయి, అది మరీ వేగంగా అనిపిస్తే 0.25 పెట్టి స్లో మోషన్ చేసుకోవచ్చు. అప్పుడు ఫ్రేముకు దాటే గడులూ నాలుగో వంతుకు తగ్గుతాయి, గ్లాసు నిండడానికి మాత్రం 460 ఫ్రేములు పడుతుంది.

లెక్క చేసిన ప్రతి ఫ్రేమూ డిస్క్ మీద క్యాష్‌గా నిలవ ఉంటుంది. డొమైన్‌లోని `Cache` భాగంలో `Type` మూడు రకాలు. `Replay` అంటే టైమ్‌లైన్ నడుస్తుండగానే లెక్క సాగుతుంది, 48 లేదా 64 దగ్గర ధార దిశ, ఇన్‌ఫ్లో చోటు సరిచూసుకోవడానికి బాగుంటుంది. `All` అన్నిటినీ ఒక్కసారే బేక్ చేస్తుంది. పోసే దృశ్యానికి నేను చెప్పేది `Modular`. అందులో కదలిక లెక్క `Bake Data`తో ఒకసారి అవుతుంది, నీటి ఉపరితలం `Bake Mesh`తో విడిగా అవుతుంది. ఉపరితలం గరుకుగా వస్తే కదలికను ముట్టుకోకుండా మెష్‌ను మాత్రమే చెరిపి, `Particle Radius` మార్చి మళ్లీ చేసుకోవచ్చు. ఇది కుదరాలంటే డేటా బేక్ చేయకముందే `Is Resumable` టిక్ పెట్టాలి. అది లేకపోతే మెష్‌ను విడిగా బేక్ చేయనివ్వదు. కరెంటు పోయినా, మధ్యలో ఆపినా ఆగిన చోటు నుంచి కొనసాగించడానికి కూడా అదే ఆధారం. బదులుగా డిస్క్ ఎక్కువ తింటుంది. ఎంత తింటుందో తెలియాలంటే 64 దగ్గర ఒకసారి పూర్తిగా బేక్ చేసి, చివరి ఫ్రేము ఫైళ్ల సైజు చూడండి. నీరు పెరిగేకొద్దీ ఫైళ్లూ పెరుగుతాయి కాబట్టి మొదటి ఫ్రేము సైజుతో అంచనా వేస్తే తప్పుతుంది. 128కి వెళ్తే ఆ సైజుకు ఎనిమిది రెట్లు అనుకుని డిస్క్‌లో ఖాళీ ఉంచుకోండి.

క్యాష్‌కు సొంతంగా `Frame Start`, `End` ఉంటాయి. టైమ్‌లైన్‌ను 150కి కుదించినా అక్కడ 250 ఉంటే 250 వరకూ బేక్ అవుతుంది. ఫోల్డర్ దారి `//` అని మొదలైతే బ్లెండ్ ఫైల్ ఉన్న చోటే క్యాష్ ఉంటుంది. ఫైల్‌ను ఇంకా సేవ్ చేయకపోతే క్యాష్ తాత్కాలిక ఫోల్డర్‌లోకి పోతుంది, దాని ఆయుష్షుకు హామీ లేదు. ఫైల్‌కు కాపీ తీసి అంకెలు మార్చి చూసేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. కాపీ కూడా పాత ఫోల్డర్‌నే వాడుకుంటుంది, అక్కడ బేక్ నొక్కితే రాత్రంతా చేసిన మొదటి బేక్ మీద రాసేస్తుంది. కాబట్టి ముందు ఫైల్ సేవ్ చేయండి, ప్రతి ప్రయత్నానికీ `//cache_128`, `//cache_256` అని వేరే ఫోల్డర్ పేరు ఇవ్వండి, ఆ తర్వాతే బేక్ నొక్కండి.