అర్థం తిరగబడినా మార్కులు దానికే!

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో మాది చిన్న పనే. రెండు లాంగ్వేజ్ మోడల్స్‌తో 50 ఇంగ్లిష్ వాక్యాల్ని తెలుగులోకి మార్పించి, ఏది మేలో తేల్చాలి. ప్రతి వాక్యానికీ సరైన తెలుగును ముందే రాసిపెట్టుకున్నాం. దాంతో పోల్చి BLEU స్కోరు లెక్కేస్తే మొదటి మోడల్‌కే ఎక్కువొచ్చింది. స్లైడ్ రెడీ. రివ్యూలో గైడ్ సార్ ‘‘నెంబర్లు సరే, ఒక వాక్యం చదివి వినిపించు’’ అన్నారు. చదివాను. పరువు పోయింది.

మేం రాసుకున్నది: ‘నేను రేపు హైదరాబాద్ వెళ్తున్నాను.’ మొదటి మోడల్ ఇచ్చింది: ‘నేను రేపు హైదరాబాద్ వెళ్లను.’ రెండోది: ‘రేపు హైదరాబాదుకి వెళ్తున్నా.’ ఏది కరెక్టో మీరే చెప్పండి!

BLEU 2002లో ఐబీఎం పరిశోధకులు తెచ్చిన పద్ధతి. అది అర్థం చూడదు. మోడల్ రాసిన మాటలు, పక్కపక్కన వచ్చే మాటల గుంపులు మన జవాబులో ఎన్ని ఉన్నాయో లెక్కపెడుతుంది, అంతే. మొదటి వాక్యంలో నాలుగు మాటలకు మూడు కలిశాయి. రెండోదాంట్లో మూడింటికి ‘రేపు’ ఒక్కటే. హైదరాబాద్‌కి ‘కి’ తగలగానే దానికది వేరే మాట. మన తెలుగులో ఇలా అతుక్కోని మాటెక్కడుంది? మాటలు కాకుండా అక్షరాల ముక్కల్ని పోల్చే chrF వాడితే ఈ బాధ కొంచెం తగ్గింది. కానీ ‘వెళ్లను’లోనూ ‘వెళ్’ ఉంది కదా, ఆ వాక్యమే మళ్లీ పైన!

నిజానికి BLEUని ఒక్క వాక్యానికి కాదు, మొత్తం సెట్‌కి చూడాలి. చాలా వాక్యాలు కలిస్తే ఇలాంటి తేడాలు సర్దుకుంటాయని ఆశ. మా దగ్గర సర్దుకోలేదు. మేం రాసిన జవాబులన్నీ పుస్తకాల తెలుగు, రెండో మోడల్ రాసేదంతా మాట్లాడే తెలుగు. దెబ్బ ప్రతిసారీ దానికే తగిలింది.

సరే, మనుషులతోనే మార్కులు వేయిద్దామని ఇద్దరు ఫ్రెండ్స్‌ని కూర్చోబెట్టాం. ఏది ఏ మోడల్‌దో చెప్పకుండా, మొత్తం 100 అనువాదాలు కలిపేసి ఇచ్చాం. ‘బాగుంది’, ‘బాలేదు’ అంతే. 80 చోట్ల ఇద్దరిదీ ఒకే మాట. పండగ చేసుకున్నాం. తర్వాత చూస్తే ఇద్దరూ చెరో 85 అనువాదాలకు ‘బాగుంది’ కొట్టారు. అంత ఉదారంగా వేస్తే చదవకుండా టిక్కు పెట్టినా దాదాపు 75 చోట్ల కలుస్తాయి. ఈ గుడ్డి కలయికను తీసేసి చూపే లెక్క పేరు కప్పా. ఇద్దరూ పూర్తిగా కలిస్తే 1, గుడ్డిగా కలిసినంతే అయితే 0. మాకొచ్చింది 0.22.

తేడా వచ్చిన ఆ 20 తీసి ఇద్దరినీ అడిగాం. ఒకడు అర్థం చూశాడట. ఇంకొకడు ‘‘వెళ్తున్నా అని పరీక్షలో రాస్తామా రా?’’ అని కొట్టేశాడు. తప్పు వాళ్లది కాదు, మా ప్రశ్నదే. దాన్ని రెండు చేశాం: అర్థం సరిగ్గా వచ్చిందా? భాష సహజంగా ఉందా? ముందు పది వాక్యాలు కలిసి ప్రాక్టీసు చేయించి, మళ్లీ మొదలుపెట్టాం. అర్థం దగ్గర ఇద్దరూ బాగానే కలిశారు, రెండో మోడలే ముందుంది. భాష దగ్గర మాత్రం వాళ్లు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నారు. ఆ కప్పాని కూడా దాచకుండా స్లైడ్‌లో పెట్టేశాం.