సెన్సార్ 56 అంటే నిజంగా 56 ఉన్నట్టేనా?

ఇన్సులిన్ వాడే ఒకాయన ఎడమ భుజానికి సెన్సార్ పెట్టుకున్నాడనుకుందాం. ఆయనకు ఎడమ పక్కకు తిరిగి పడుకునే అలవాటు. పడుకునేటప్పుడు ఫోన్‌లో షుగరు 128. రాత్రి రెండింటిదాకా గీత దాదాపు సమంగానే నడిచింది. ఉన్నట్టుండి పావుగంటలో 118 నుంచి 56కి పడిపోయింది. అలారం మోతకు ఇల్లంతా లేచింది. ఇల్లాలు పంచదార నీళ్లు కలిపి తెచ్చింది. ఆయనకేమో చెమట లేదు, వణుకూ లేదు. వేలు గుచ్చి చూస్తే మీటర్‌లో 112! కాసేపటికి సెన్సార్ కూడా తనంతట తానే 109కి వచ్చింది.

మరి ఆ 56 ఎక్కడిది?

సెన్సార్ తీగ రక్తంలో ఉండదు. చర్మం కింద కణాల చుట్టూ ఉండే ద్రవంలో ఉంటుంది. భుజం మీద ఒంటి బరువు పడితే అక్కడి సన్నని రక్తనాళాలు నొక్కుకుపోతాయి. కొత్త గ్లూకోజు రాక తగ్గుతుంది, కణాలు మాత్రం ఉన్నదాన్ని వాడుకుంటూనే ఉంటాయి. అంటే షుగరు తగ్గింది ఆ కాస్త చోటే, ఒళ్లంతా కాదు. ఇలాంటప్పుడు గీత నిట్టనిలువునా పడి, పక్కకు తిరిగాక మళ్లీ లేస్తుంది. అయితే గీతను చూసి తీర్పు చెప్పేయకూడదు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్న కొందరికి నిజంగా షుగరు పడినా లక్షణాలు తెలియవు. వేలు గుచ్చి చూడాల్సిందే. మీటర్ అందుబాటులో లేకపోతే, ఆ అంకె నిజమే అనుకుని తీపి తీసుకోవడం క్షేమం.

ఆ ద్రవంతో ఇంకో చిక్కుంది. రక్తంలో వచ్చిన మార్పు అక్కడికి చేరేసరికి సాధారణంగా 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. షుగరు నిలకడగా ఉన్నప్పుడు దీంతో ఇబ్బంది లేదు. వేగంగా మారుతున్నప్పుడే తేడా పెద్దదవుతుంది. సెన్సార్‌లో 58 చూసి 15 గ్రాముల పంచదార తిన్నారనుకోండి. పావుగంట తర్వాత కూడా అది 60 దగ్గరే ఉండొచ్చు, మీటర్‌లో మాత్రం 84 రావచ్చు. సెన్సార్‌నే నమ్మి మళ్లీ మళ్లీ తింటే తెల్లారేసరికి షుగరు ఆకాశాన్నంటుతుంది. పడిపోతున్నప్పుడు ఇదే తిరగబడుతుంది. బాణం కిందికి చూపిస్తూ 82 ఉందంటే, రక్తంలో అప్పటికే 70 దిగిపోయి ఉండొచ్చు. ఇది మొదటిదానికన్నా ప్రమాదం.

కాబట్టి ఒంటికి తెలుస్తున్నదానికీ అంకెకూ పొంతన లేనప్పుడు, బాణాలు వేగంగా మారుతున్నప్పుడు, సెన్సార్ కొత్తగా పెట్టిన మొదటి రోజున, పడిపోయిన షుగరుకు తీపి తిన్నాక వేలు గుచ్చి సరిచూసుకోవడం మంచిది. మీటర్ కూడా దేవుడేమీ కాదు, దానిలోనూ దాదాపు 15 శాతం అటూ ఇటూ ఉంటుంది. 112కీ 109కీ మధ్య తేడాను పట్టించుకోనక్కర్లేదు. గుచ్చేముందు మాత్రం సబ్బుతో చేతులు కడిగి, బాగా తుడుచుకోవాలి. మామిడిపండు తిన్న వేలితో పరీక్షిస్తే, ఆ పండు తీపి కూడా లెక్కలో చేరిపోతుంది.