నల్లటి నూనె ఫొటోకు హోటల్ జవాబు

ఒక హోటల్‌లో వారాల తరబడి అదే నూనెలో వేపుళ్లు చేస్తున్నారంటూ నల్లటి నూనె ఉన్న మూకుడు ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిందనుకుందాం. హోటల్ తన పేజీలో ఒక ఫొటో పెట్టి, దాని కింద రాసే నాలుగైదు వాక్యాల క్యాప్షన్‌తోనే సాధారణంగా జవాబిస్తుంది. ‘మా వంటగది ఎప్పుడూ శుభ్రమే, పుకార్లు నమ్మకండి’ అని తప్పు చేసినవారు కూడా రాయగలరు. చదివేవారు సరిచూసుకోవడానికి అందులో ఏమీ లేదు.

నూనె సంగతి రంగుతో తేలదు. శనగపిండి, మసాలా అడుగున మాడినా నూనె నల్లబడుతుంది. తేటగా కనిపించే నూనె కూడా పాడై ఉండొచ్చు. పదేపదే కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు అనే పదార్థాలు పోగవుతాయి. ఇవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదన్న నిబంధన దేశంలో 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. చేతిలో పట్టుకునే మీటర్ మొనను వేడి నూనెలో ముంచితే ఆ శాతం తెలుస్తుంది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే హోటళ్లు ఎంత వాడిందీ, ఎంత పారబోసిందీ, ఎవరికి అప్పగించిందీ రిజిస్టర్‌లో రాయాలి. ఈ రిజిస్టరే జవాబుకు అసలు బలం.

అలాంటి క్యాప్షన్ ఇలా ఉండొచ్చు: ‘తిరుగుతున్న ఫొటో మా వంటగదిదే. అది శనివారం రాత్రి వంట ముగిశాక పారబోయడానికి తీసి పెట్టిన నూనె. ఆ రోజు రిజిస్టర్ పేజీ, నూనె తీసుకెళ్లిన సంస్థ ఇచ్చిన రసీదు ఇక్కడే ఉన్నాయి. ఈ ఉదయం 11 గంటలకు మూకుడులోని నూనెలో మీటర్ 14 శాతం చూపింది. మా 14 అంకెల లైసెన్స్ నంబర్ బిల్లు మీద ఉంది.’

ఫొటో తమదేనని ఒప్పుకోవడంతోనే సగం వాదన ఆగిపోతుంది. తమది కాదని బుకాయించాక గోడ పలకలో, గరిటెలో ఎవరైనా గుర్తుపడితే మిగతా నిజాలనూ ఎవరూ నమ్మరు. ఎవరు పుట్టించారో ఊహించి పక్క హోటల్ మీద వేయడమూ అంతే ప్రమాదం.

అయితే ఈరోజు తీసిన రీడింగ్ శనివారం నాటి నూనె గురించి ఏమీ చెప్పదు. దానికి ఆనాటి రిజిస్టరే ఆధారం. అది తర్వాత రాసింది కాదని రసీదు తేదీ చూస్తే తెలుస్తుంది. లైసెన్స్ నంబర్‌ను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో ఎవరైనా వెతకవచ్చు. అది ఎవరి పేరున ఉందో, చెల్లుబాటులో ఉందో తెలుస్తుంది గానీ, మూకుడు శుభ్రత తెలియదు. దాన్ని శుభ్రతా పత్రంలా చూపడం అతిశయోక్తే.

ఆహార భద్రతా అధికారి నమూనా తీసుకెళ్తే విశ్లేషకుడి నివేదికకు చట్టం 14 రోజుల గడువిస్తుంది. ఆలోగా ‘అధికారులు క్లీన్ చిట్ ఇచ్చారు’ అని రాయకూడదు. ‘నమూనా ఇచ్చాం, నివేదిక రాగానే ఇక్కడే పెడతాం’ అనాలి. వచ్చిన నివేదికను, ప్రతికూలమైనా సరే, అదే పోస్టులో తేదీ వేసి చేర్చాలి.