‘ఏరా’ అనే మాస్టారు ‘మీరు’ అంటే

ఫేస్‌బుక్‌లో ఒకరి పేరుతో నకిలీ ప్రొఫైల్ పెట్టడానికి పాస్‌వర్డ్ దొంగిలించనక్కర్లేదు. ఫోటో సేవ్ చేసుకుని, అదే పేరుతో కొత్త ఖాతా తెరిస్తే చాలు. తర్వాత అసలు మనిషి స్నేహితుల జాబితా చూసి అందరికీ రిక్వెస్టులు పంపుతారు. అసలు ఖాతా భద్రంగానే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్ మార్చినా నకిలీది పోదు.

ఖమ్మంలో ఒక మాస్టారి ఖాతాకు ఇలా జరిగిందనుకుందాం. ఏళ్ల తరబడి ఫ్రెండ్‌గా ఉన్న పాత విద్యార్థికి ఆయన పేరుతో మళ్లీ రిక్వెస్ట్ వస్తుంది. ఇది మొదటి గుర్తు. ఒప్పుకోగానే మెసెంజర్‌లో మాట కలుస్తుంది: “బాగున్నారా? ఆసుపత్రిలో ఉన్నాం. ఇరవై వేలు పంపండి, రేపు పొద్దున్నే ఇచ్చేస్తాను.” ఎప్పుడూ ‘ఏరా’ అని పిలిచే మాస్టారు ‘మీరు’ అనడం రెండో గుర్తు. ఇచ్చిన నంబరును యూపీఐ యాప్‌లో కొడితే ముక్కూమొహం తెలియని పేరు కనిపించడం మూడోది. ఇక ఆయన పాత నంబరుకు ఫోన్ చేస్తే సంగతి తేలిపోతుంది.

చిక్కేమిటంటే, నకిలీ ఖాతా నడిపేవారు చాలాసార్లు అసలు వ్యక్తిని ముందే బ్లాక్ చేస్తారు. మాస్టారు ఎంత వెతికినా అది ఆయనకు కనిపించదు. కాబట్టి విద్యార్థే ఆ ప్రొఫైల్ లింకు, సంభాషణ, నంబరు స్క్రీన్‌షాట్లు తీసి ఆయనకు పంపాలి. ఒకే పేరుతో ఎన్నో ఖాతాలుంటాయి. ఫలానాది అని తేల్చి చెప్పేది లింకే. రిపోర్ట్ చేయకముందే ఇవి తీసుకోవాలి, ఖాతా తొలగించాక సాక్ష్యం దొరకదు.

రిపోర్ట్ చేయడానికి నకిలీ ప్రొఫైల్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, Report profile ఎంచుకోవాలి. కారణంగా ‘వేరొకరిలా నటిస్తున్నారు’ అనే అర్థమిచ్చేదాన్ని చూపాలి. ఎవరిలా అని అడిగితే మాస్టారు తననూ, విద్యార్థి తన స్నేహితుణ్నీ చూపాలి. స్పామ్ అని పెడితే అసలు విషయం పక్కకు పోతుంది.

తొలగించేలోపు ఇంకొకరు మోసపోవచ్చు. ఫేస్‌బుక్ పోస్టు అందరికీ చేరదు కాబట్టి వాట్సాప్ స్టేటస్‌లో, కుటుంబ గ్రూపుల్లో, పాత విద్యార్థుల గ్రూపులో కూడా చెప్పాలి. “నా ఖాతా హ్యాక్ అయింది” అంటే అసలు ఖాతానే అనుమానిస్తారు. ఇలా రాస్తే స్పష్టంగా ఉంటుంది: “నా పేరు, ఫోటోతో నకిలీ ఖాతా పెట్టారు. కొత్త రిక్వెస్ట్ ఒప్పుకోవద్దు. డబ్బు అడిగితే పంపకుండా నాకు ఫోన్ చేయండి.” వాట్సాప్ చూడని పెద్దవాళ్లకు ఫోన్ చేసి చెప్పడమే మేలు.

డబ్బు పంపేసినవారు వెంటనే 1930కి ఫోన్ చేయాలి లేదా cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వాలి. లావాదేవీ నంబరు దగ్గర ఉంచుకోవాలి. సొమ్ము చేతులు మారేలోపు చెబితేనే దాన్ని ఆపే వీలుంటుంది. ఇలాంటి మోసానికి ఐటీ చట్టం 66డి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఒక ఖాతా పోయినా ఇంకొకటి పుట్టవచ్చు. సెట్టింగ్స్‌లో స్నేహితుల జాబితాను Only me అని మార్చుకుంటే, ఆ కొత్త ఖాతాకు ఎవరికి రిక్వెస్ట్ పంపాలో తెలుసుకోవడం కష్టమవుతుంది.