వెన్ను నీటిలో షుగర్ ఎంత? అదే వేళ రక్తంలో ఎంత?

తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, గడ్డం ఛాతీకి ఆనించలేనంతగా మెడ బిగుసుకుపోవడం. మెదడును కప్పి ఉండే పొరలకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు, అంటే మెనింజైటిస్ వచ్చినప్పుడు, కనిపించే లక్షణాలివి. సోకింది బ్యాక్టీరియా అయినా, వైరస్ అయినా, క్షయ క్రిమి అయినా బాధ చాలావరకు ఇలాగే ఉంటుంది. చికిత్స మాత్రం మూడింటికీ మూడు దారులు. బ్యాక్టీరియా అయితే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వెంటనే మొదలుకావాలి. వైరస్ సోకినవారిలో ఎక్కువమంది వారం పది రోజుల్లో తేరుకుంటారు. క్షయ అయితే తొమ్మిది నుంచి పన్నెండు నెలలు మందులు వాడాలి, మొదటి వారాల్లో స్టెరాయిడ్లు కూడా అవసరం. అందుకే డాక్టర్లు వెన్నులోంచి నీరు తీయాలంటారు.

ఆ మాట వినగానే కాళ్లు పడిపోతాయేమోనని చాలా కుటుంబాలు జంకుతాయి. పెద్దవారిలో వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గర ముగిసిపోతుంది. సూదిని అంతకన్నా కింద, మూడో నాలుగో పూసల మధ్య గానీ, నాలుగో ఐదో పూసల మధ్య గానీ గుచ్చుతారు. అక్కడ ద్రవంలో తేలే నరాల పోగులు తప్ప వెన్నుపాము ఉండదు. తర్వాత కొందరికి కొన్ని రోజులు తలనొప్పి ఉంటుంది. రోగి మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా, ఒక పక్క చేయీ కాలూ బలహీనపడినా మెదడులో ఒత్తిడి పెరిగి ఉండవచ్చు కాబట్టి ముందు సీటీ స్కాన్ చేస్తారు. అలా ఆలస్యమయ్యేటప్పుడు బ్యాక్టీరియా అనుమానం ఉంటే, రక్తం నమూనా తీసుకుని మందు ముందే మొదలుపెడతారు.

వెన్ను నీటిని డాక్టర్లు సీఎస్‌ఎఫ్ అంటారు. ఆరోగ్యవంతుల్లో అది మంచినీళ్లలా తేటగా ఉంటుంది. ఒక క్యూబిక్ మిల్లీమీటరులో తెల్లకణాలు ఐదుకు మించవు. వంద మిల్లీలీటర్లలో ప్రోటీన్ సుమారు 15 నుంచి 45 మిల్లీగ్రాములు ఉంటుంది. షుగర్ రక్తంలో ఉన్నదానిలో దాదాపు మూడింట రెండు వంతులు. రక్తానికీ ఈ ద్రవానికీ మధ్య వడగట్టే గుడ్డలాంటి కట్టడి ఉంది. అది కణాలను, ప్రోటీన్‌ను చాలావరకు ఆపుతుంది, షుగర్‌ను లెక్క ప్రకారం లోపలికి పంపుతుంది. ఇన్ఫెక్షన్ ఆ కట్టడిని ఎలా దెబ్బతీసిందో రిపోర్టులోని మూడు అంకెలు చెబుతాయి.

మొదటి ప్రశ్న, ఏ రకం కణాలు? బ్యాక్టీరియా వస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు వందల్లో, వేలల్లో దూసుకొస్తాయి, ద్రవం మసకబారుతుంది. వైరస్‌లోనూ క్షయలోనూ సాధారణంగా లింఫోసైట్స్ ఎక్కువ, సంఖ్య పదుల నుంచి కొన్ని వందల వరకు ఉంటుంది, ద్రవం తేటగానే కనిపించవచ్చు. రెండో ప్రశ్న, ప్రోటీన్ ఎంత? వైరస్‌లో అది మామూలుగా గానీ కాస్త ఎక్కువగా గానీ ఉంటుంది. బ్యాక్టీరియాలో, క్షయలో కట్టడి బాగా దెబ్బతిని ప్రోటీన్ వంద దాటుతుంది. క్షయలో ద్రవం పారే దారి మూసుకుపోతే అది వేలకూ చేరవచ్చు.

మూడో ప్రశ్న షుగర్. బ్యాక్టీరియాలో, క్షయలో అది పడిపోతుంది. క్రిములే తినేస్తాయని చాలామంది అనుకుంటారు గానీ, అసలు కారణం ఎక్కువగా వేరే. లోపలికి షుగర్‌ను మోసే ఏర్పాటు దెబ్బతింటుంది, వాపుకు గురైన కణజాలమూ, వచ్చి చేరిన తెల్లకణాలూ ఉన్న షుగర్‌ను వేగంగా ఖర్చుచేస్తాయి. వైరస్‌లో ఈ నష్టం తక్కువ కాబట్టి షుగర్ సాధారణంగా నిలబడుతుంది. కణాలు లింఫోసైట్స్ అయినప్పుడు, వైరస్‌నూ క్షయనూ విడదీయడంలో ఈ ఒక్క అంకెకు ఎంతో బరువుంది. తప్పు చదవడమూ ఇక్కడే ఎక్కువ.

ఒక రోగిని ఊహించుకుందాం. నలభై ఆరేళ్ల మనిషి, ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. మూడు వారాలుగా సాయంత్రం జ్వరం, తలనొప్పి. మందుల షాపులో తెచ్చుకున్న యాంటీబయాటిక్ ఐదు రోజులు మింగాడు. రెండు రోజులుగా తికమకగా మాట్లాడుతున్నాడు. సీటీ చూశాక వెన్ను నీరు తీశారు. ద్రవం తేటగా ఉంది. కణాలు 220, అందులో లింఫోసైట్స్ ఎనభై శాతం. ప్రోటీన్ 180. షుగర్ 72.

రిపోర్టు పక్కన అచ్చువేసిన మామూలు హద్దుల్లోనే 72 ఉంటుంది. అంతవరకే చూస్తే షుగర్ పడిపోలేదు, కణాలు లింఫోసైట్స్, కాబట్టి వైరస్ అనిపిస్తుంది. కానీ సూది గుచ్చడానికి కాస్త ముందు తీసిన రక్తంలో షుగర్ 240. అంత ఉన్న మనిషికి వెన్ను నీటిలో దాదాపు 150 ఉండాలి. 72ను 240తో భాగిస్తే 0.3 వస్తుంది. 0.5 కన్నా తక్కువ ఉంటే క్షయను గట్టిగా అనుమానించాలి. ప్రోటీన్ 180 కూడా వైరస్‌కు నప్పదు. మూడు వారాల జ్వరం కథా అటే లాగుతోంది. ఈ మనిషికి క్షయ మందులు వెంటనే మొదలుపెట్టాలి.

ఈ లెక్కకూ పరిమితులున్నాయి. రక్తంలో షుగర్ మారితే వెన్ను నీటిలో మార్పు కనిపించడానికి గంటలు పడుతుంది. సూదికి కాస్త ముందు గ్లూకోజ్ బాటిల్ ఎక్కించినా, ఇన్సులిన్ ఇచ్చినా నిష్పత్తి అబద్ధం చెప్పవచ్చు. నమూనా ల్యాబ్‌కు చేరకుండా గంటలకొద్దీ ఉండిపోతే కణాలు పగిలిపోతాయి, షుగర్ తగ్గిపోతుంది. ఫంగస్ వల్ల వచ్చే మెనింజైటిస్ కూడా అచ్చం క్షయలాంటి అంకెలే చూపగలదు కాబట్టి దానికి విడిగా పరీక్ష చేయాలి.

కణాల రకమూ కాలాన్ని బట్టి మారుతుంది. వైరస్‌లో మొదటి రోజు, క్షయలో తొలి దశలో న్యూట్రోఫిల్స్ ఎక్కువగా కనబడి బ్యాక్టీరియా అని భ్రమ కలిగించవచ్చు. రోగి యాంటీబయాటిక్ ముందే మింగి ఉంటే బ్యాక్టీరియా కల్చర్‌లో పెరగకపోవచ్చు, న్యూట్రోఫిల్స్ స్థానంలో లింఫోసైట్స్ పెరగవచ్చు. అప్పుడు మళ్లీ నీరు తీసి, రెండు రిపోర్టుల మధ్య మార్పును చూస్తారు.

క్షయ క్రిమిని నేరుగా పట్టడానికి జీన్ఎక్స్‌పర్ట్ పరీక్ష ఉంది, గంటల్లో ఫలితం వస్తుంది. కానీ వెన్ను నీటిలో క్రిములు చాలా కొద్దిగా ఉంటాయి. అందుకే కనీసం ఐదారు మిల్లీలీటర్ల నీరు పంపడం మేలు. నెగటివ్ వచ్చినా క్షయ లేదని తేల్చడానికి వీల్లేదు. కల్చర్‌కు వారాలు పడుతుంది, రోగి అన్నాళ్లు ఆగలేడు. చాలాసార్లు చికిత్స మొదలయ్యేది ఈ మూడు అంకెలూ, రోగి కథా కలిపి చూసిన నిర్ణయంతోనే.

ఆ కథ ఇంట్లోవాళ్ల దగ్గరే ఉంటుంది. జ్వరం సరిగ్గా ఏ రోజు మొదలైంది, ఏ మాత్రలు ఎన్ని రోజులు వేసుకున్నాడు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా, ఈ రోజు గ్లూకోజ్ ఎక్కించారా అన్నవి డాక్టరుకు ముందుగా చెప్పాలి. వెన్ను నీరు తీసే వేళే రక్తంలో షుగర్ చూశారా అని అడగాలి. ఆ రెండో అంకె లేకపోతే మొదటి అంకెను సరిగ్గా చదవడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా కష్టమే.