చెక్కు ముందు పెట్టి సంతకం అడిగే కాగితం

గుంటూరు మిర్చి యార్డు నుంచి ఒక వ్యాపారి 100 టిక్కీల ఎండుమిర్చిని కలకత్తా లారీకి ఎక్కించాడనుకుందాం. సరుకు విలువ 8 లక్షలు, కిరాయి 30 వేలు. డ్రైవరు తెల్లవారుజామున కునుకు తీసి లారీని కాలవలోకి దించాడు. తడిసిన మిర్చి రెండు రోజుల్లో బూజెక్కింది. సరుకుకు ట్రాన్సిట్ పాలసీ ఉంది కాబట్టి సర్వేయరు వచ్చి ఫొటోలు తీసుకున్నాడు, లెక్కలు కట్టాడు. కోతలన్నీ పోను ఇన్సూరెన్సు కంపెనీ 6 లక్షలకు క్లెయిము తేల్చింది. డబ్బు ఇచ్చే ముందు కంపెనీ వాళ్లు స్టాంపు పేపరు మీద టైపు చేసిన ఒక ఉత్తరం ముందు పెట్టి, 'ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం' అంటారు. దానిపేరు సబ్రొగేషన్ లెటర్. వచ్చే డబ్బు మీద ధ్యాసలో ఎవరూ దాన్ని చదవరు.

అందులో ఉండే విషయం చెప్పడం తేలికే. సరుకు పాడుచేసింది లారీ వాళ్లు. వాళ్ల మీద దావా వేసే హక్కు వ్యాపారిది. నష్టం కట్టిన కంపెనీ ఇప్పుడు ఆ వ్యాపారి స్థానంలో నిలబడి, ఇచ్చింది లారీ వాళ్ల దగ్గర రాబట్టుకుంటుంది. వ్యాపారికి ఎంత హక్కు ఉందో కంపెనీకీ అంతే, వీసమెత్తు ఎక్కువ కాదు. లారీ వాళ్లు వ్యాపారికి చెప్పగలిగిన సాకు ఏదైనా కంపెనీకీ చెప్పవచ్చు.

ఈ హక్కు పుట్టుకకు అసలు ఆ ఉత్తరమే అక్కర్లేదు. నష్టపరిహారం కింద డబ్బు కట్టగానే అది దానంతటదే వస్తుంది. నష్టపోయినవాడు కంపెనీ దగ్గర ఒకసారి, తప్పు చేసినవాడి దగ్గర మరోసారి వసూలు చేసుకుని లాభపడకూడదు. అలాగని తప్పు చేసినవాడు 'వాళ్లకు ఇన్సూరెన్సు ఉందిగా' అని చేతులు దులుపుకోనూ కూడదు. జీవిత బీమాకు ఈ లెక్క వర్తించదు. మనిషి ప్రాణానికి నష్టం ఇంత అని కొలిచి ఇచ్చే డబ్బు కాదది.

సుప్రీంకోర్టు ఈ సంగతిని 2010 ఫిబ్రవరిలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంతో విడమరచి చెప్పింది. చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కలకత్తాకు పంపిన 7,70,948 రూపాయల హోజరీ నూలు లారీ ప్రమాదంలో పూర్తిగా పాడైంది. బీమా కంపెనీ 4,47,436 రూపాయలు కట్టి సబ్రొగేషన్ లెటర్ రాయించుకుంది. తర్వాత మిల్లూ, కంపెనీ కలిసి ఎకనామిక్ ట్రాన్స్‌పోర్ట్ ఆర్గనైజేషన్ మీద వినియోగదారుల ఫోరంకు వెళ్లాయి. మిల్లుకు డబ్బు ముట్టింది కదా, కంపెనీ మా వినియోగదారు కాదు కదా అన్నది రవాణా సంస్థ వాదన. అంతకు పదేళ్ల ముందు మరో కేసులో ఇలాంటి వాదన నెగ్గింది కూడా. ఈసారి కోర్టు ఒప్పుకోలేదు. మిల్లు ప్రీమియం కట్టి తెచ్చుకున్న రక్షణ లారీ వాళ్లకు కవచం కాదంది. (2003 సవరణ తర్వాత వ్యాపార అవసరానికి సేవలు తీసుకున్నవాళ్లకు ఆ ఫోరం తలుపు మూసుకుపోయింది. ఇప్పుడైతే సివిల్ కోర్టుకే వెళ్లాలి.)

నా దృష్టిలో ఆ తీర్పులో అసలైన భాగం ఇది కాదు. సబ్రొగేషన్ మూడు రకాలుగా ఉంటుందని, ఏ రకమైతే ఎవరికి ఎంత దక్కుతుందో కోర్టు చిన్న చిన్న ఉదాహరణలతో వివరించింది. మన మిర్చి వ్యాపారి చదవాల్సింది ఆ పేరాలు.

ముందు లారీ వాళ్ల నుంచి ఎంత వస్తుందో చూద్దాం. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద, తప్పు లారీ వాళ్లదేనని నిరూపించే భారం సరుకుదారు మీద లేదు. అది మేలే. కానీ 2011 రూల్సు ఇంకో చేత్తో వెనక్కి లాగుతాయి. ఎక్కువ కిరాయి కట్టి పెద్ద రిస్కుకు ఒప్పందం చేసుకోకపోతే, రవాణా సంస్థ బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లు దాటదు. 30 వేల కిరాయికి 3 లక్షలు. 8 లక్షల సరుకుకు కోర్టు చుట్టూ తిరిగితే చేతికొచ్చేది అంతే అనుకుందాం.

ఆ 3 లక్షలు ఎవరివి? ఉత్తరం లేకుండా, కేవలం న్యాయసూత్రం మీద హక్కు నడిస్తే, ముందు వ్యాపారి లోటు పూడాలి. అతనికి 8లో 6 వచ్చాయి కనక తక్కువైన 2 లక్షలు అతను తీసుకుంటాడు, కంపెనీకి మిగిలేది లక్ష. ఇక రెండో రకం. కంపెనీ ఇచ్చినదంతా ముందు తానే రాబట్టుకుంటుందని ఉత్తరంలో రాసుంటే, 3 లక్షలూ కంపెనీవే. వ్యాపారికి పైసా లేదు. మూడో రకం ఉత్తరంలో 'సబ్రొగేషన్' పక్కన 'అసైన్‌మెంట్' అనే మాట కూడా ఉంటుంది. అంటే హక్కును పూర్తిగా బదలాయించేశారన్నమాట. అప్పుడు కంపెనీ తన పేరు మీదే దావా వేసుకుంటుంది, తాను కట్టినదానికంటే ఎక్కువ వచ్చినా తిరిగివ్వదు. మొదటి రెండు రకాల్లో కంపెనీ ఒక్కతే తన పేరుతో దావా వేయలేదు. వ్యాపారి పేరు మీద వేయాలి, లేదా ఇద్దరూ కలిసి వేయాలి. సంతకం చేసే ముందు చూసుకోవాల్సింది ఆ ఒక్క మాట కోసమే.

వ్యాపారులు మరోచోట కూడా దెబ్బతింటారు. లారీ ఆఫీసు వాడు యార్డుకొచ్చి, 'అన్నా, ఓ 50 వేలు తీసుకుని ఇక మనకేం లేదని రాసివ్వు, పాత పరిచయం' అంటాడు. ఎలాగూ ఇన్సూరెన్సు వస్తుందిగా అని ఇతను రాసిచ్చేస్తాడు. దాంతో లారీ వాడి మీద దావా వేసే దారి మూతపడుతుంది. ఆ హక్కు పోగొట్టినందుకు కంపెనీ క్లెయిములో కోత పెట్టవచ్చు, డబ్బు ఇచ్చేసి ఉంటే తిరిగి అడగవచ్చు. లారీ వాళ్లకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వకపోయినా ఇదే గతి. ఆ నోటీసుకు గడువు 180 రోజులు. నష్టం బయటపడిన రోజు నుంచి కాదు, సరుకు బుక్ చేసిన రోజు నుంచి. సర్వే, ఉత్తరప్రత్యుత్తరాల్లోనే నాలుగైదు నెలలు గడిచిపోతాయి. అందుకే లారీ రసీదు మీదే తడిసిన సంగతి రాయించుకుని, ఆ వారంలోనే రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపడం పాత వ్యాపారుల అలవాటు.

కంపెనీ తన పాలసీదారు మీదే దావా వేయలేదు. అతని దగ్గర పనిచేసేవాడి మీద? ఇంగ్లండులో ఆ పని జరిగింది. రోమ్‌ఫర్డ్‌లో ఒక ఐస్ కంపెనీలో తండ్రీ కొడుకులు కలిసి పనిచేసేవారు. 1949లో కొడుకు లారీని వెనక్కి నడుపుతూ తండ్రినే గుద్దాడు. యజమాని తరఫున బీమా కంపెనీ ఆ తండ్రికి 1,600 పౌండ్లు, ఖర్చులు కట్టింది. తర్వాత యజమాని పేరు మీద, యజమానిని అడగను కూడా అడగకుండా, ఆ కొడుకు మీద దావా వేసింది. 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ముగ్గురు, ఇద్దరుగా చీలి కంపెనీ వైపే తీర్పిచ్చింది. చట్టం మారలేదు. కానీ గొడవ పెద్దదై, కుట్రో, కావాలని చేసిన తప్పో అయితే తప్ప ఉద్యోగుల జోలికి పోమని బ్రిటిష్ బీమా కంపెనీలు తమలో తాము ఒప్పందం చేసుకున్నాయి.